ముందుగాల తెలిసిన మనిషి

నాకు కోపం జర ఎక్కువ. ఈ ముచ్చట మొదట్లనే చెప్తే మంచిది. మనుషుల మీద కంటే మెట్ల మీద ఎక్కువ కోపం నాకు. ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద, బస్టాండుకు జర ఇవతల, ఫోన్లు రిపేర్ చేసే దుకాణం పైన నా ఆఫీసు. కిందికెల్లి పైకి ఇనుప మెట్లు. ఎవరన్నా ఎక్కితే టకటక సప్పుడైతది. పొద్దంత కూసున్నా ఒక్కొక్క దినం ఆ సప్పుడే రాదు. గప్పుడు నాకు ఒళ్లు మండుతది. ఎవరిని తిట్టాలె? మెట్లనే తిట్టుకుంట కూసుంట.

షేర్లు కొనిపిచ్చుడు, అమ్మిపిచ్చుడు, మ్యూచువల్ ఫండ్ల పైసలు కట్టిపిచ్చుడు, గిదీ నా పని. ఆఫీసు పెట్టింది మా ఆయన. ఆయన గుండె ఆగి పోయినంక, మేము ఎవరి పేరు మీద నడుపుతున్నమో ఆ పెద్ద బ్రోకర్ కంపెనీవాళ్లు బోర్డు తీసేస్తమన్నరు. నేను పరీక్షలు రాసి పాసై, బోర్డు నా పేరు మీదికి మార్చుకున్న. పిల్లలు లేరు మాకు. ఇంటికాడ కూసుంటే గోడలు మీద పడతయని ఆఫీసు పట్టుకున్న. మా చుట్టాలు ఆడిదానికెందుకీ షేర్ల బాధ అన్నరు. వాళ్ల బాధ వాళ్లది, నా బాధ నాది.

మా ఆయన ఉన్నప్పుడు గీ గది చూడాలె. కుర్చీలన్నీ నిండి, గోడకు ఆనుకొని నిలబడి చూస్తుండిరి. ప్లాట్లు అమ్మినోళ్లు, భూములు పోయి పైసలొచ్చినోళ్లు, లారీల ఓనర్లు, రిటైరైన సార్లు. స్క్రీన్ మీద ధర ఎర్రగైతే గదంత చప్పబడేది, పచ్చగైతే చాయ్‌లు తెప్పిచ్చేటోళ్లు. ఫోన్లల్ల యాప్‌లు వచ్చినయ్. ఒక్కొక్కరే పోయిన్రు. ఎవరి చేతిల వాళ్లకు మార్కెట్ ఉన్నంక నా మెట్లెక్కే అవసరం ఎవరికున్నది? తప్పు వాళ్లది గాదు. అయినా కుర్చీలు చూస్తే పాణం ఉసూరుమంటది. కొన్ని కుర్చీలు అమ్మేసిన, చూడలేక.

చివరికి మిగిలింది ఒక్క మనిషి. ఆయనను నేను అన్న అంటుండె, ఆయన నన్ను చెల్లె అంటుండె. అరవై దాటినయ్. తెల్ల అంగి, కాళ్లకు తోలు చెప్పులు, చెవి మీద ఎప్పుడొక పెన్ను. బతుకంత ప్లాట్ల బేరాలే చేసిండు. ఈ దిక్కు ఏ సర్వే నంబర్ల ఎవరి జాగున్నదో, ఎవరు అన్నదమ్ములతోటి పంచాయితిల ఉన్నరో ఆయనకు నోటికొస్తది. వదిన పోయినంక ఆయనకు ఇల్లు పట్టకుంటయింది. మార్కెట్ ముగిసే గంట ముందొచ్చి, కిటికి పక్క కుర్చీల కూసొని, మూడున్నరకు మార్కెట్ బందైనంక గూడ జరసేపుండి పోతుండె. ఇంట్ల తనొక్కడే. కొడుకు, కోడలు అదే ఊర్ల వేరే ఉంటరు, మాటల్లేవు. ఏం పంచాయితో నేనడగలే, ఆయన చెప్పలే.

పక్క గదిల బట్టలు కుట్టే ఆమె ఉంటది. మనిషి మంచిదే గని, కండ్లన్నీ నా తలుపు మీదనే. భర్త పోయిన ఆడిది, భార్య పోయిన మొగోడు, రోజు ఒకే గదిల గంటల తరబడి. ఎవరికైనా నోరు దురద పెడతది. ఒకసారి అడగనే అడిగింది, రోజు ఏం పని మీదొస్తడక్కా ఆయన అని. షేర్లు కొంటడమ్మా అన్న. ఇగ ఆమె నోరు మూతపడ్డది. షేర్లు కొనుడు పనే. పని మీదొచ్చినోన్ని ఎవరు ఏమంటరు? మా ఊర్ల మర్యాదే గంత. పనుంటే ఎంతసేపన్నా కూసో, పని లేకుంటే గడప కాడనే మాట్లాడి పో.

అన్న షేర్లు కొనే తీరు చెప్తే నవ్వొస్తది. తుక్కుగూడ దిక్కు రింగు రోడ్డు పడక ముందు, పొలాలల్ల కొలతలు తీసెటోళ్లను చూసి, వాళ్లకు చాయ్ తాపి, బిర్యానీ తినిపిచ్చి, రాళ్లు ఏ దిక్కు పాతుతున్నరో తెలుసుకున్నడంట. ఊరోళ్లకు తెలిసే వరకు జాగలకు బయానా ఇచ్చేసిండు. ఆ ఒక్క బేరంతోనే ఇల్లు కట్టిండు. ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పిండో లెక్క లేదు. ప్రతిసారి చివర్ల ఒకటే మాట: "ముందుగాల తెలిసినోడే మనిషి చెల్లె, తర్వాత తెలిసినోడు గిరాకీ."

గిదే సూత్రం షేర్లకు పెట్టిండు. ఒక మందుల కంపెనీ షేరు మీద కన్నేసి, బస్సెక్కి ఆ ఫ్యాక్టరీ కాడికి పోయి, గేటు ఎదురుంగ చాయ్ బండి కాడ కూసున్నడు. పోయే లారీలు, వచ్చే లారీలు చూసుకుంట కూసున్నడు. లోపట పని చేసేటోళ్లతోటి ముచ్చట పెట్టలే, అది తప్పని నేను ముందే బెదిరిచ్చిన. కండ్లతోటి చూసిందే. రెండు మూడు సార్లు పోయొచ్చి, చెల్లె పని జోరుగున్నది, కొను అన్నడు. కొన్న. నెల తర్వాత ఆ కంపెనీ లెక్కలు బయట పెట్టింది. అన్న చెప్పింది నిజమే, లాభం మస్తు పెరిగింది. ఆ పొద్దు షేరు దబ్బున కింద పడ్డది.

ఆయన మొఖం నాకిప్పటికీ యాదికున్నది. నోట్ల చాయ్ నోట్లనే ఉన్నది. లాభం పెరిగితే ధరెట్ల పడతది అని నన్నే గదమాయించిండు, నేనే పడేసినట్టు. నేను నిమ్మళంగ చెప్పిన. నీ లెక్కల నువ్వొక్కనివే లారీలు చూసినవన్నా. అవతల పెద్ద పెద్ద ఫండ్లల్ల కూసున్నోళ్లు ఆ కంపెనీ తెచ్చుకునే సరుకు, అమ్ముకునే దేశాలు, పోయినసారి కంపెనీవాళ్లు చెప్పిన మాటలు, అన్నీ చదువుకునే ఉన్నరు. లాభం పెరుగుతదని వాళ్లు ముందే అనుకున్నరు, ఆ అనుకున్నది అప్పటికే ధరల కలిసిపోయింది. వాళ్లు ఇంకా ఎక్కువ పెరుగుతదనుకున్నరు, అంత పెరగలే, గందుకే పడ్డది. ధర కదిలేది కొత్త ముచ్చటకు. పాత ముచ్చట అది ఎంత మంచిదైనా అందులనే ఉంటది.

ఆయన ఒప్పుకోలే. ఇంకో షేరు, ఇంకో ఫ్యాక్టరీ, ఇంకో వార్త. కొన్నింట్ల లాభమొచ్చింది, కొన్నింట్ల పోయింది. లాభమొచ్చినవి ఆయన పదిమందికి చెప్పిండు. పోయినయ్ నాకు గూడ చెప్పకపోతుండె, నేనే కొనిపిచ్చిన కాబట్టి తెలుసు. నేను సతాయిస్తుండె. ఏందన్నా, ఈసారి ఏ గేటు కాడ చాయ్ తాగుతవ్ అని. ఆయన నవ్వుతుండె. ఆ రోజులు మంచిగుండె. మార్కెట్ బందైనంక సాయంత్రం ఎండ కిటికీలకెల్లి గదిలకొస్తుంటే, ఇద్దరం ఆ దినం జరిగింది తిరగేసుకుంట కూసుంటుంటిమి. ఆ గంట కోసమే నేను పొద్దుగాల తాళం తీస్తుండె అంటే అబద్ధం గాదు.

తర్వాత ఒక సంవత్సరం చెరువు దిక్కున్న ఆఖరి జాగ గూడ అమ్మిండు. అర ఎకరం. ఇగ అమ్ముకోడానికి ఏం మిగల్లే. ముసలితనమంత ఆ పైసల మీదనే గడవాలె. కొడుకు ఆదుకోడు, పింఛను లేదు. మోకాళ్లు అరిగినయ్, ప్లాట్లు చూపియ్యడానికి తిరగలేడు. ఆ పైసలు తప్పుగ పెడితే ఆయన ఎవరి ముందరనో చెయ్యి చాపాలె. ఆ మనిషి చెయ్యి చాపుడంటే చచ్చినట్టే.

గప్పుడే ఒక ఫండ్ కంపెనీ తరఫున అమ్మకాల పనికి తిరిగే ఆయనొకడు హైదరాబాద్ కెల్లి మా ఆఫీసుకొచ్చిండు. మూడేండ్ల నుంచి వాళ్ల ఫండే మొదటి స్థానంల ఉన్నదని, ఆ ఫండ్ నడిపే సార్ టీవీల కనిపిస్తడని రంగు కాగితాలిచ్చి పోయిండు. అన్న అప్పుడు కిటికి పక్కనే ఉన్నడు. ఆ ఫండ్ కంపెనీ ఆయన పోయినంక అన్న ఆ కాగితం చేతిలకు తీసుకొని అటు ఇటు తిప్పి చూసిండు. లారీలు చూసుడు నాతోని కాదు చెల్లె, మోకాళ్లు లెవ్వు, గీ సార్ చూసుకుంటడు, పైసలన్నీ ఈయన చేతిల పెడత అన్నడు. సోమవారం చెక్కు తెస్త అని చెప్పి దిగిపోయిండు.

ఆ పైసలు నా ద్వారా ఆ ఫండ్ల పెడితే నాకు ఏటేటా కమీషనొస్తది. ఫండ్ నడిచినంత కాలం వస్తది. దాని గురించి నాకు పెద్దగ ఫికర్ లేదు, నా ఖర్చెంత. నాకు ఫికరైంది వేరే. ఫండ్ కొంటే అన్న వస్తడు. ఎట్లున్నదో చూడాలె అని రోజు వస్తడు. కిటికి పక్క కుర్చీ నిండుతది.

ఆదివారం ఆఫీసు తీసి కూసున్న. అన్న ఇన్నేండ్లల్ల నా దగ్గర ఎప్పుడెప్పుడు ఎంతెంత పెట్టిండో కంప్యూటర్ల ఉన్నది. గవే పైసలు గవే దినాలల్ల ఒక మామూలు ఇండెక్స్ ఫండ్ల పెట్టి, చూడకుంట వదిలేసుంటే ఎంతైతుండెనో లెక్క చేసిన. ఇండెక్స్ ఫండంటే ఏం లేదు. దేశంల పెద్ద కంపెనీలన్నిటిని వాటి వాటి సైజు లెక్కన కొని ఊకుంటది. ఏది మంచిది, ఏది చెడ్డది అని చూడదు. తెలివి చూపియ్యదు. ఖర్చు గూడ శానా తక్కువ.

అన్నకు నష్టం రాలే. ఇది బాగ యాదికుంచుకోవాలె. మార్కెట్ పెరిగిన కాలం, ఆయనకు లాభమే వచ్చింది. కని ఏం చెయ్యకుంట కూసున్న ఇండెక్స్ ఆయన కంటే శానా ముందుకు పోయింది. ఆ లారీలు, ఆ చాయ్‌లు, ఆ బస్సు టికెట్లు, అన్నీ చేసి, ఏం చెయ్యనోని కంటే ఎనుకవడ్డడు. కొన్నప్పుడల్ల, అమ్మినప్పుడల్ల బ్రోకరేజీ, సర్కారు పన్ను, తొందరగ అమ్మినదానికి ఎక్కువ పన్ను. పడ్డయ్ పట్టుకొని కూసున్నడు, పెరిగినయ్ తొందరపడి అమ్మిండు.

ఇంకోటి గూడ చూసిన. మా ఆయన టైమ్ నుంచి, గిది మొదటి స్థానంల ఉన్నదని చెప్పి మేము కట్టిపిచ్చిన ఫండ్లన్నీ తీసి చూసిన. కొన్ని నిజంగనే మంచిగ నడిచినయ్. ఎక్కువ వాటికి కొన్నేండ్లకే స్థానం దిగిపోయింది. ఒకటైతే వేరే ఫండ్ల కలిపేసిన్రు, దాని పేరే లేకుంట పోయింది. తెర మీద ఆ వరసలు చూసుకుంట కూసున్న. నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే ఈ లెక్క అన్నకు చెప్పాలె అని తెలిసిపోయింది నాకు. చెప్తే ఆయన మెట్లెక్కే పని ఉండదు అని గూడ తెలిసిపోయింది.

సోమవారం చెక్కు పట్టుకొనే వచ్చిండు. అంగి ఇస్త్రీ చేసుకున్నడు. కూసోపెట్టి, ముందుగాల ఆయన లెక్క చూపిచ్చిన, పక్కన ఇండెక్స్ లెక్క పెట్టిన. శానాసేపు చూసిండు. లాభమే గద అన్నడు. లాభమే అన్న, కని ఊకున్నోనికి నీకంటే ఎక్కువొచ్చింది. కంపెనీల మంచిచెడ్డలు చూసినోన్ని నేను, చూడనోనికి ఎట్లెక్కువొస్తది అని కోపానికొచ్చిండు. నాకు గూడ కోపమొచ్చింది.

కోపం దిగినంక నేనే మల్ల మొదలు పెట్టిన. భూమి ముచ్చట వేరే అన్నా. నువ్వు తుక్కుగూడ దిక్కు కొన్న జాగ అసలు ధర నీకు, అమ్మినోనికి తప్ప ఎవరికి తెల్వదు. ఒక జాగ తీరు ఇంకోటుండదు. అమ్మాలంటే నెలలు పడతది. గక్కడ ముందుగాల తెలుసుకున్నోడు గెలుస్తడు, నువ్వు గెలిచినవ్. షేరు ధర అట్ల గాదు, సెకను సెకనుకు దేశమంత చూస్తది. నువ్వు కొన్నప్పుడల్ల ఎవడో ఒకడు నీకు అమ్ముతున్నడు. ఆ అమ్మెటోడు ఎవడు? పొద్దంత గదే పని చేసేటోడు, చదువుకున్నోడు, పెద్ద పెద్ద కంప్యూటర్లు పెట్టుకున్నోడు. వాడెందుకు అమ్ముతున్నడని నువ్వెప్పుడన్న అడిగినవా?

మరి వాళ్లే గంత తెలివిగల్లోళ్లైతే, ఈ టీవీ సారు గూడ వాళ్లల్ల ఒకడే గద, నా పైసలు ఆయనకిస్తె తప్పేంది అన్నడు. మంచి ప్రశ్నే. తెలివి లేక ఎనుకవడుతలేరన్నా, అందరికీ తెలివి ఉండబట్టే ఎనుకవడుతున్నరు అన్న. మార్కెట్ల ఉన్న షేర్లన్నీ ఎవరో ఒకరి చేతులనే ఉంటయ్. అందరి రాబడి కలిపితే మార్కెట్ రాబడే. ఒకడు దానికంటే ఎక్కువ తీసుకుంటే ఇంకోడు తక్కువ తీసుకోవాలె, వేరే దారి లేదు. ఇగ దాంట్లకెల్లి ఫండు ఖర్చులు, సారు జీతం, నా కమీషను, కొనుడు అమ్ముడు ఖర్చులు, అన్నీ తీస్తే ఏం మిగులుతది? గందుకే ఎక్కువమంది ఇండెక్స్ కంటే తక్కువల నిలబడతరు. కొందరు గెలుస్తరు, నిజమే. ముందుగాల వాళ్లెవరో తెలిస్తె గద.

మూడేండ్లు గెలిచిండు గద, తెలిసినట్టే గద అన్నడు. గప్పుడు నాకు బోరు యాదికొచ్చింది. మా దిక్కు బోరేసే ముందు అరచేతిల కొబ్బరికాయ పెట్టుకొని నీళ్లు చూసెటాయన్ని పిలుస్తరు. అన్నకు ఒకప్పుడున్న తోటల గూడ ఒకాయన చూసి చూపిచ్చిన మూడు బోర్లల్ల నీళ్లు పడ్డయి, ఆయన పేరు ఊరూర పాకింది. నాలుగోది, ఐదోది ఎండినయ్. ఆయన చెయ్యి మారిందా అన్నా అని అడిగిన. ఎండిన బోర్ల మీద బండలు పెట్టి మూసినరు. వాటి ముచ్చట ఎవరెత్తుతరు? శానామంది నీళ్లు చూస్తే కొందరికి మూడు వరుసగ పడతయ్. పడ్డోళ్లనే మనం పిలుస్తం, ఎండినోళ్లు ఎక్కడున్నరో మనకు తెల్వదు. ఫండ్లు గూడ గంతే, ఎండిన వాటిని ఇంకోదాంట్ల కలిపి పేరు మార్చేస్తరు.

అన్న తల దించుకున్నడు. చెవి మీది పెన్ను తీసి చేతిల తిప్పుకుంట కూసున్నడు. మెల్లగ అడిగిండు.

"అంటే ఇన్నేండ్లు నేను చూసిందంత ఉత్తదేనా చెల్లె?"

ఉత్తది గాదన్నా, నీ అసొంటోళ్లు వేల మంది గేట్ల కాడ చూడబట్టే ధరలు సరిగ్గ ఉంటయ్, కాకపోతే ఆ కష్టానికి కూలి నీకు రాదు అన్న. అది ఓదార్పు గాదని నాకు తెలుసు. ఆయన మొఖంల తుక్కుగూడ మనిషి కనిపియ్యలే.

ఇండెక్స్‌ల పెడితే పడకుంట ఉంటదా అని అడిగిండు చివరికి. పడతది, మార్కెట్ పడితే అది గూడ పడతది, దాన్ని ఎవ్వరాపరు అన్న. గందుకే కొన్నేండ్ల తిండికి సరిపోయేంత బ్యాంకుల ఎఫ్‌డీ వెయ్యమన్న, మిగిలింది ఇండెక్స్ ఫండ్ల పెట్టి, పడ్డప్పుడు ముట్టొద్దన్న. అది గూడ నా ద్వారా వద్దు, నీ ఫోన్ల నువ్వే నేరుగ కట్టు, నాకు కమీషను పోకుంట నీకే మిగులుతది అని చెప్పిన. చెప్పుకుంటనే నా నోరు నేనే కొట్టుకోవాలనిపిచ్చింది. నా చేతులతోనే ఆయన ఫోన్ల అన్నీ ఎట్ల చెయ్యాల్నో చూపిచ్చిన. చెక్కు చింపిండు. వారం రోజులల్ల పాత షేర్లు గూడ ఒక్కొక్కటే అమ్మి, అవీ అందులనే వేసిండు.

ఆఖరి షేరు అమ్మిన పొద్దు, రోజు చూసుకోవాల్నా అని అడిగిండు. వద్దు, చూస్తే చెయ్యి ఊకుండదు, ఏడాదికోసారి చూడు చాలు అన్న. సరే అని లేచిండు. మెట్లు దిగే సప్పుడు నెమ్మదిగ పోయింది. ఆ సప్పుడు నేను చివరిదాంక విన్న.

మర్నాడు రాలే. తర్వాతి వారం గూడ రాలే. మూడున్నరకు స్క్రీన్ మీద అంకెలు ఆగిపోతయ్, గది చప్పబడతది. గప్పుడు కిటికి దిక్కు చూస్తే కుర్చీ ఖాళీగుంటుండె. చాయ్ పిల్లగాడు అలవాటు కొద్దీ రెండు గ్లాసులు తెచ్చిండు మొదటి రెండు రోజులు. తర్వాత ఒకటే తెచ్చిండు. నేనొక్కదాన్నే తాగిన. ఇంటికి పోయి టీవీ పెట్టుకొని కూసున్న, ఏమొస్తున్నదో తెల్వకుంట. మా ఆయన పోయినప్పుడు నలుగురొచ్చి ఏడ్చిన్రు, ఓదార్చిన్రు. గీ దుఃఖం చెప్పుకునేటట్టు గూడ లేకుండె. ఏమని చెప్తం? ఒక ముసలాయన షేర్లు కొనుడు మానేసిండు, గందుకే నాకు అన్నం సయిస్తలేదు అని చెప్తమా?

ఒకసారి బస్టాండు కాడ కూరగాయల బండి దగ్గర కనిపిచ్చిండు. చేతిల చిన్న సంచి, అందుల రెండు వంకాయలు, ఒక పచ్చిమిరపకాయల పొట్లం. ఒక్క మనిషి కూర. బాగున్నవా అన్నా, ఆఫీసుకు రావేంది అని అడిగిన. ఆయన చుట్టూ చూసి, సంచి ఇటు చేతిలకెల్లి అటు చేతిలకు మార్చుకున్నడు. పనేమున్నది చెల్లె, ఊకెనే వచ్చి కూసుంటే పక్కనోళ్లు ఏమనుకుంటరు అన్నడు. ఇల్లు ఎట్లున్నదన్నా అంటే, పొద్దు పోతలేదన్నడు. ఆ మాట అని, హయత్‌నగర్ బస్సొస్తుంటే పక్కకు జరిగి, అట్లనే ఆ మందిల నడుచుకుంట పోయిండు. బండి కాడ నేను ఏం కొనడానికి వచ్చిన్నో మర్చిపోయిన.

ఆ రాత్రంత నాకు నా మీద కోపమే. నిజం చెప్పినవ్, ఏమొచ్చింది నీకు? ఆయన పైసలు మంచిగున్నయ్. మార్కెట్ తీరు పెరుగుతున్నయ్, తగ్గుతున్నయ్, ఎవరి చెయ్యి తగలకుంట. ఇగ ఆయన ఎవ్వరి ముందు చెయ్యి చాపడు. మంచి పనే చేసినవ్. మరి ఆ మనిషికి ఉన్న ఒక్క గది గూడ తీసేసినవ్ గదనే. నీకున్న ఒక్క మనిషిని గూడ పోగొట్టుకున్నవ్. గింత మంచి ఎవరు చెయ్యమన్నరు నిన్ను?

వానకాలం మొదలైనంక ఒక మంగళవారం, నేను కంప్యూటర్ ముందు కునికిపాట్లు పడుతుంటే మెట్ల మీద సప్పుడైంది. మోకాళ్లు నొయ్యంగ ఒక్కొక్క మెట్టు ఆగి ఆగి ఎక్కే సప్పుడు. లేచి నిలబడ్డ. అన్న తడిసిన చెప్పులు గడప కాడ విడిచి లోపటికొచ్చిండు. నా దిక్కు చూడకుంట పోయి కిటికి పక్క కుర్చీల కూసున్నడు. చెవి మీద పెన్నున్నది.

"ఒక్క షేరు కొను చెల్లె."

ఏ షేరన్నా అన్న. ఏదన్నా కొను, మంచిది చూసి నువ్వే కొను అన్నడు. నాకు నిజంగనే మంట లేచింది. గంతసేపు చెప్పిన ముచ్చటంత గంగల కలిసిందా? ఒక్క షేరు కొంటే బ్రోకరేజీ, పన్ను, అన్నీ పడతయ్, ఇండెక్స్ కంటే ఎనుకవడుతవ్, మల్ల ఎందుకీ పని అని గట్టిగనే అడిగిన. ఆయన కిటికీలకెల్లి వాన చూస్తున్నడు. నా మాటకు కోపం తెచ్చుకోలే.

"తెలుసు చెల్లె. మంగళవారం మంగళవారం ఒక్కటే కొంట. ఎంత ఎనుకవడితె అంత వడనీ."

కంప్యూటర్ దిక్కు తిరిగిన. ఒక కంపెనీ పేరు కొట్టి, సంఖ్య దగ్గర ఒకటి వేసి, కొన్న. కొన్ననని చెప్పిన. ఆయన ఆ ధరెంతని గూడ అడగలే. చాయ్‌కు ఫోన్ చేసి రెండు గ్లాసులు పంపమన్న. మార్కెట్ బంద్ కావడానికి ఇంకా టైమున్నది, బందైనంక గూడ టైమున్నది.

బట్టలు కుట్టే ఆమె తలుపు కాడికి వచ్చి, మెడల టేపేసుకొని, లోపటికి తొంగి చూసింది. మల్ల వచ్చిండా అక్కా ఆయన, ఏం పని మీద అని అడిగింది.

"షేర్లు కొంటున్నడమ్మా" అన్న.